రెండు స్టేట్ల మార్కోవ్ చైన్ ఎన్ని స్టెప్పుల్లో సెటిల్ అవుతుంది: ఐగెన్ వాల్యూతో మొదట్నుంచీ లెక్క

మార్కోవ్ చైన్లంటే తర్వాతి స్టేట్ ఇప్పుడున్న స్టేట్ మీదే ఆధారపడే వరసలు, వాటి గురించి ఏ పాఠం తీసినా ఒక మాట ఉంటుంది, "చాలా స్టెప్పుల తర్వాత చైన్ తన స్టేషనరీ డిస్ట్రిబ్యూషన్‌కి చేరుకుంటుంది" అని. చాలా అంటే ఎన్ని అండీ? నాలుగా, నలభయ్యా, నాలుగు వేలా? అక్కడే పాఠం ఆగిపోతుంది, కింద ఒక థీరమ్ పేరు చెప్పి వదిలేస్తారు. స్టేట్లు రెండే ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రశ్నకి ఉజ్జాయింపు కాదు, ఖచ్చితమైన జవాబే ఉంది, అదీ కాగితం మీద అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ లెక్కని ఒక నిజమైన డేటా మీద మొదట్నుంచీ చేద్దాం, తర్వాత దాదాపు అదే స్టేషనరీ డిస్ట్రిబ్యూషన్ ఉండి పూర్తిగా వేరేగా ప్రవర్తించే ఇంకో డేటా పక్కన పెట్టి చూద్దాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

తెలిసుండాల్సింది పెద్దగా ఏమీ లేదు, 2x2 మాట్రిక్స్‌ని గుణించడం వస్తే చాలు. ఐగెన్ వాల్యూ అంటే భయం ఉన్నవాళ్ళు కూడా చదవచ్చు, మనం ముందు అది లేకుండానే జవాబు రాబట్టి తర్వాత దానికి ఆ పేరు పెడతాం.

స్టెప్ 1: కౌంట్ల నుంచి మాట్రిక్స్

టెల్ అవీవ్‌లో చలికాలం వానల మీద గేబ్రియల్, న్యూమన్ అనే ఇద్దరు 1962లో ఒక పేపర్ వేశారు, వాతావరణ లెక్కల్లో మార్కోవ్ చైన్ వాడిన వాటిలో బాగా పేరున్న పేపర్లలో ఇదొకటి. 1923-24 నుంచి 1949-50 దాకా 27 సీజన్ల డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి రోజులు తీసుకున్నారు, మొత్తం 2437 రోజులు. ప్రతి రోజుకీ రెండే లేబుళ్ళు, వాన పడిన రోజు, పొడి రోజు. ముందు రోజుని బట్టి కౌంట్లు ఇలా ఉన్నాయి: ముందు రోజు పొడిగా ఉన్నవి 1399, వాటిలో మర్నాడు వాన పడ్డవి 350. ముందు రోజు వాన పడ్డవి 1038, వాటిలో మర్నాడు కూడా వాన పడ్డవి 687, ఆగిపోయినవి 351.

ఇప్పుడు రెండు నంబర్లు చాలు. పొడి నుంచి వానకి మారే ప్రాబబిలిటీని a అందాం, a = 350/1399 = 0.250. వాన నుంచి పొడికి మారేది b, b = 351/1038 = 0.338. మాట్రిక్స్ ఇదీ (మొదటి వరుస పొడి, రెండోది వాన):

```
        పొడి     వాన
పొడి   0.750   0.250
వాన    0.338   0.662
```

ఇక్కడ ఒక్క జాగ్రత్త, ప్రతి అడ్డ వరుస మొత్తం 1 రావాలి. కొన్ని ఇంజనీరింగ్ పాఠాల్లో నిలువు వరుసల మొత్తం 1 వచ్చేలా రాస్తారు, అది తప్పేం కాదు గానీ ఒక పాఠంలోంచి మాట్రిక్స్, ఇంకో పాఠంలోంచి ఫార్ములా తెచ్చి కలిపితే స్టేషనరీ కింద 0.5, 0.5 లాంటి అర్థం లేని జవాబు వస్తుంది, అది వచ్చిందంటే ముందు చూడాల్సింది ఇదే.

స్టెప్ 2: ఎక్కడికి చేరుతుంది

స్టేషనరీ అంటే, ఇవాళ వాన ప్రాబబిలిటీ π అయితే రేపు కూడా అదే π ఉండటం. పొడి నుంచి వానకి వెళ్ళే వాటా, వాన నుంచి పొడికి వెళ్ళే వాటా సమానం అయితేనే అది కుదురుతుంది, అంటే (1−π)·a = π·b. దీన్నుంచి π = a/(a+b) = 0.250/0.588 = 0.425. పొడి వాటా మిగతా 0.575.

డేటాలో నేరుగా లెక్కపెడితే 2437 రోజుల్లో 1037 వాన రోజులు, అంటే 0.4255. కలిసింది కదా అని మోడల్ కరెక్ట్ అనుకోకండి, ఒకే టేబుల్ నుంచి a, b తీసినప్పుడు ఇది ఎలాగూ కలుస్తుంది, మోడల్ ఎంత తప్పైనా సరే. మోడల్‌ని పరీక్షించే పద్ధతి వేరు, చివర్లో వస్తుంది.

స్టెప్ 3: గ్యాప్ ఎలా కరుగుతుంది

n రోజుల తర్వాత వాన ఉండే ప్రాబబిలిటీని p(n) అందాం. మర్నాడు వాన రావడానికి రెండు దారులు, వాన ఉండి కొనసాగడం, పొడిగా ఉండి మారడం:

```
p(n+1) = (1−b)·p(n) + a·(1−p(n))
       = a + (1−a−b)·p(n)
```

ఇందులోంచి π తీసేయండి. π కూడా ఇదే సమీకరణాన్ని పాటిస్తుంది కాబట్టి a కొట్టుకుపోయి ఇది మిగులుతుంది:

```
p(n+1) − π = (1−a−b)·(p(n) − π)
```

ఇంతే. మిగతాదంతా ఈ ఒక్క లైనుకి వ్యాఖ్యానమే. స్టేషనరీకీ మనకీ ఉన్న గ్యాప్ ప్రతి స్టెప్పులో ఒకే నంబర్‌తో గుణింపబడుతుంది, ఆ నంబర్ 1−a−b. టెల్ అవీవ్‌కి అది 1 − 0.588 = 0.412, అంటే ప్రతి రోజూ గ్యాప్‌లో 41 శాతం మిగిలి 59 శాతం పోతుంది.

ఇవాళ వాన పడుతోంది అనుకోండి, p(0) = 1, గ్యాప్ 0.575. రేపు 0.425 + 0.237 = 0.662, మాట్రిక్స్‌లో ఉన్న నంబరే, అలా రాకపోతే ఎక్కడో తప్పు చేసినట్టు. ఎల్లుండికి 0.523, మూడో రోజుకి 0.465, నాలుగుకి 0.442, అయిదుకి 0.432. ఇవాళ పొడిగా ఉంటే కింద నుంచి ఎక్కుతూ వస్తుంది: 0.250, 0.353, అలా అయిదో రోజుకి 0.420. అంటే అయిదు రోజుల తర్వాత "ఆ రోజు వాన పడిందా లేదా" అన్న సమాచారం విలువ 0.432కీ 0.420కీ ఉన్న తేడా అంత, దాదాపు ఏమీ లేదన్నట్టే.

స్టెప్ 4: ఆ నంబరే ఐగెన్ వాల్యూ

ఇప్పుడు మాట్రిక్స్ వైపు నుంచి చూద్దాం. అడ్డ వరుసల మొత్తం 1 కాబట్టి (1, 1) అనే వెక్టర్‌ని మాట్రిక్స్‌తో గుణిస్తే మళ్ళీ (1, 1) వస్తుంది, అంటే ఒక ఐగెన్ వాల్యూ ఎప్పుడూ 1. రెండోదాని కోసం క్వాడ్రాటిక్ సాల్వ్ చేయక్కర్లేదు, మూలగా ఉన్న రెండు నంబర్ల మొత్తం ఐగెన్ వాల్యూల మొత్తానికి సమానం: (1−a) + (1−b) = 2−a−b, అందులోంచి 1 తీస్తే 1−a−b. దీన్ని λ అందాం. పైన గ్యాప్‌ని గుణిస్తున్న నంబర్ ఇదే.

మరి పెద్ద చైన్లలో "సుమారుగా, n పెద్దదైతే" అని ఎన్ని షరతులు పెట్టి చెప్పేది ఇక్కడ మొదటి స్టెప్పు నుంచే ఖచ్చితంగా ఎందుకు వస్తోంది? ఎక్కడ మొదలుపెట్టినా డిస్ట్రిబ్యూషన్ మొత్తం 1, స్టేషనరీ మొత్తం కూడా 1, కాబట్టి రెంటి తేడా మొత్తం సున్నా. రెండు నంబర్లు ఉండి మొత్తం సున్నా అయితే అది తప్పనిసరిగా (c, −c) ఆకారంలోనే ఉండాలి, వేరే దారి లేదు. ఆ (1, −1) వెక్టరే λకి ఎడమ వైపు ఐగెన్ వెక్టర్. మూడు స్టేట్లు ఉంటే తేడా వెక్టర్‌కి తిరగడానికి రెండు దిక్కులు ఉంటాయి, రెండు ఐగెన్ వాల్యూలు కలిసి వస్తాయి, చిన్నది చచ్చేదాకా ఆగాలి. రెండు స్టేట్లలో ఒకే దిక్కు, అందుకే ఇంత శుభ్రంగా ఉంది.

మాట్రిక్స్ n సార్లు గుణిస్తే వచ్చేది కూడా ఒక్క లైన్లో రాసేయొచ్చు:

```
P^n = 1/(a+b) · [ b  a ]  +  λ^n/(a+b) · [  a  −a ]
                [ b  a ]                  [ −b   b ]
```

మొదటి ముక్క చేరే చోటు, రెండో ముక్క ఇంకా మిగిలి ఉన్న జ్ఞాపకం. n = 0 పెడితే యూనిట్ మాట్రిక్స్ రావాలి, n = 1 పెడితే అసలు మాట్రిక్స్ రావాలి, ఈ రెండూ పెట్టి చూసుకుంటే చాలు.

స్టెప్ 5: ఎన్ని స్టెప్పులు కావాలి

"దగ్గరకొచ్చింది" అంటే ఎంత దగ్గర అని మనమే ముందు తేల్చుకోవాలి. ఇక్కడ అందరూ వాడే కొలత టోటల్ వేరియేషన్ దూరం, పేరు పెద్దదే గానీ రెండు స్టేట్లకి అది ఉట్టి |p(n) − π| మాత్రమే. ఏ స్టేట్‌లో మొదలైనా సరే గ్యారంటీ కావాలంటే అధ్వాన్నమైన మొదలు తీసుకోవాలి, అది స్టేషనరీలో తక్కువ వాటా ఉన్న స్టేట్, ఎందుకంటే అక్కడ్నుంచే దూరం ఎక్కువ. మన కేసులో వాన, మొదటి గ్యాప్ 0.575.

దూరం ε కన్నా తగ్గాలంటే:

```
n ≥ ln(మొదటి గ్యాప్ / ε) / |ln |λ||
```

ε = 0.01 పెడదాం. పైన ln(57.5) = 4.05, కింద |ln 0.412| = 0.887, భాగిస్తే 4.57, పూర్తి సంఖ్యకి పైకి తీసుకెళ్తే 5. చేత్తో సరిచూస్తే నాలుగో రోజు గ్యాప్ 0.0166, అయిదో రోజు 0.0068, కరెక్టే.

ఈ ఫార్ములాలో గమనించాల్సింది ఒకటుంది, మొదటి గ్యాప్ గానీ ε గానీ లాగ్ లోపల ఉన్నాయి కాబట్టి వాటిని మార్చినా జవాబు పెద్దగా కదలదు. ε ని పదో వంతు చేస్తే టెల్ అవీవ్‌కి 2.6 రోజులు కలుస్తాయి, అంతే. కానీ λ ని 1కి కొంచెం దగ్గరగా జరిపారో కింద ఉన్నది సున్నా వైపు వెళ్ళి జవాబు పేలిపోతుంది. a = 0.01, b = 0.02 ఉన్న చైన్ చూడండి, π = 1/3, λ = 0.97, ε = 0.01కి 138 స్టెప్పులు కావాలి. అదే a = 0.25, b = 0.5 అయితే π మళ్ళీ 1/3 యే, λ = 0.25, 4 స్టెప్పుల్లో అయిపోతుంది. స్టేషనరీ a, b ల నిష్పత్తిని మాత్రమే చూస్తుంది, స్పీడ్ వాటి మొత్తాన్ని చూస్తుంది, అందుకే ఒకదాన్ని చూసి రెండోది చెప్పలేం. a, b రెండూ చిన్నవైతే నోటి లెక్కకి ఇది గుర్తుపెట్టుకోండి: 1/(a+b) స్టెప్పులకి గ్యాప్ మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ మిగులుతుంది.

అంచుల్లో ఏమవుతుందో కూడా ఇక్కడే చెప్పేస్తా. a+b సరిగ్గా 1 అయితే λ = 0, ఒక్క స్టెప్పుకే స్టేషనరీ, అంటే అసలు చైన్ కాదు, ప్రతిసారీ కొత్తగా నాణెం ఎగరేసినట్టే. a, b రెండూ 0 అయితే λ = 1, ఎక్కడున్నది అక్కడే, చేరడం అనే మాటే లేదు. రెండూ 1 అయితే λ = −1, రోజు విడిచి రోజు అటూ ఇటూ, ఇదీ ఎప్పటికీ సెటిల్ కాదు, π = 0.5 అని ఫార్ములా చెప్తుంది గానీ p(n) దాని దగ్గరికి రానే రాదు.

స్టెప్ 6: λ నెగటివ్ అయితే

చాలామంది |λ| దగ్గర ఆగిపోతారు, గుర్తు పట్టించుకోరు. గుర్తు ఏం చేస్తుందో చూడాలంటే మార్కోవ్ స్వయంగా చేసిన లెక్కే మంచిది. 1913 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో ఆయన చదివిన పేపర్ అది, రష్యన్ కవి పుష్కిన్ రాసిన యెవ్గెనీ అనేగిన్ అనే కావ్యంలో మొదటి 20,000 అక్షరాలు తీసుకుని, పలకని రెండు గుర్తుల్ని పక్కన పెట్టి, ప్రతి అక్షరాన్నీ అచ్చు లేదా హల్లు అని మాత్రమే లేబుల్ చేసి చేత్తో లెక్కపెట్టాడు. అచ్చులు 8638, హల్లులు 11362. అచ్చు పక్కన అచ్చు వచ్చినవి 1104 చోట్ల, అంటే అచ్చు తర్వాత అచ్చు ప్రాబబిలిటీ 0.128, హల్లు తర్వాత అచ్చు ప్రాబబిలిటీ 0.663.

మన a, b ల్లో పెడితే a = 0.663 (హల్లు నుంచి అచ్చుకి), b = 0.872 (అచ్చు నుంచి హల్లుకి). π = 0.663/1.535 = 0.432. టెల్ అవీవ్‌లో వాన వాటా 0.425, ఇక్కడ అచ్చుల వాటా 0.432, దాదాపు ఒకటే! కానీ λ = 1 − 1.535 = −0.535.

అచ్చు దగ్గర మొదలుపెట్టి నడవండి: 1, తర్వాత 0.128, తర్వాత 0.595, 0.345, 0.478, 0.407, 0.445, 0.425. ఒకసారి 0.432కి కింద, ఒకసారి పైన, ప్రతిసారీ గ్యాప్ సగం కన్నా కొంచెం ఎక్కువ మిగులుతూ. టెల్ అవీవ్ ఒక వైపు నుంచే నింపాదిగా వచ్చింది, ఇది దాటిపోతూ వెనక్కొస్తూ వస్తుంది. భౌతికంగా అర్థం కూడా సులువే, వాన వాననే పిలుస్తుంది కాబట్టి ప్లస్, అచ్చు అచ్చుని తోసేస్తుంది కాబట్టి మైనస్. ε = 0.01కి ఫార్ములా |λ| తోనే: ln(56.8)/|ln 0.535| = 4.04/0.6255 = 6.46, అంటే 7 అక్షరాలు. పట్టిక చూసి చెప్పే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్త, డేటాలో అనుకోకుండా ఒక స్టెప్పు దగ్గర π కి బాగా దగ్గరగా వచ్చినంత మాత్రాన "చేరిపోయింది" అనేయకూడదు, పక్క స్టెప్పు కూడా చూడాలి.

ఇంకో చిక్కు, డేటాని రెండు స్టెప్పులకోసారి మాత్రమే చూస్తే కనపడే ఐగెన్ వాల్యూ λ², అది ఎప్పుడూ ప్లస్సే. అనేగిన్ చైన్‌లో ఒకటి విడిచి ఒక అక్షరం చూస్తే 0.286 కనిపిస్తుంది, ఊగుడు మొత్తం మాయం. కాబట్టి ఎవరైనా మీకు λ చెప్తే స్టెప్పు ఎంత పొడవు అని అడగకుండా తీసుకోకండి.

స్టెప్ 7: సగటు తీసుకునేవాళ్ళకి వేరే లెక్క

ఇప్పటిదాకా "n రోజుల తర్వాత ఒక్క రోజు" గురించి మాట్లాడాం. చాలాసార్లు మనకి కావాల్సింది అది కాదు, N రోజులు గమనించి వాన రోజుల వాటా లెక్కేస్తే అది π కి ఎంత దగ్గర్లో ఉంటుంది అన్నది. ఇక్కడ కూడా λ యే పని చేస్తుంది గానీ గుర్తుతో సహా. N పెద్దదైతే సగటు వేరియన్స్:

```
π(1−π)/N  ×  (1+λ)/(1−λ)
```

k స్టెప్పుల దూరంలో ఉన్న రెండు రోజుల కోరిలేషన్ λ^k, అవన్నీ రెండు వైపులా కూడితే ఆ రెండో ముక్క వస్తుంది. టెల్ అవీవ్‌కి అది 1.412/0.588 = 2.40. అంటే 2437 రోజుల డేటా నిజానికి 2437/2.40, సుమారు 1015 విడివిడి రోజులంత సమాచారమే ఇస్తుంది. వాన వాటా మీద స్టాండర్డ్ ఎర్రర్ 0.010 అని మామూలు ఫార్ములా చెప్తే అసలు 0.0155 అన్నమాట.

అనేగిన్‌కి 0.465/1.535 = 0.303. ఇది 1 కన్నా తక్కువ! ఊగే చైన్‌లో ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకే సగటు విడివిడి అక్షరాల కన్నా బాగా స్థిరంగా ఉంటుంది. విచిత్రం చూడండి, ఒక్క అక్షరం సెటిల్ అవడంలో అనేగిన్ టెల్ అవీవ్ కన్నా స్లో (7 vs 5), సగటు సెటిల్ అవడంలో మాత్రం చాలా ఫాస్ట్. "ఏది ఫాస్ట్" అని అడిగితే "దేనికి" అని తిరిగి అడగాల్సిందే. నన్నడిగితే పాఠాల్లో ఈ రెండు స్పీడ్లనీ ఒకే మాటతో చెప్పడం వల్లే సగం గందరగోళం వస్తోంది.

స్టెప్ 8: λ ని ఎంత నమ్మాలి

λ డేటా నుంచి వచ్చింది కాబట్టి దానికీ ఎర్రర్ ఉంటుంది. λ = (వాన తర్వాత వాన) − (పొడి తర్వాత వాన), రెండు విడి వాటాల తేడా, కాబట్టి వేరియన్స్ కూడితే సరిపోతుంది: 0.662×0.338/1038 + 0.250×0.750/1399 = 0.00035, స్క్వేర్ రూట్ 0.019. అటూ ఇటూ రెండేసి స్టాండర్డ్ ఎర్రర్లు తీసుకుంటే λ సుమారు 0.375 నుంచి 0.449 దాకా. ఫార్ములాలో పెడితే 5 నుంచి 6 రోజులు, పెద్ద తేడా లేదు. కానీ λ 0.97 దగ్గర ఉన్న చైన్‌కి ఇదే 0.019 ఎర్రర్ ఉందనుకోండి, పై అంచు 1 ని దాటిపోతుంది, "ఎన్ని స్టెప్పులు" అన్న ప్రశ్నకి డేటా నుంచి పై హద్దే రాదు. నెమ్మదిగా కదిలే చైన్లలో స్టెప్పుల సంఖ్యని ఒక్క నంబర్‌గా చెప్పేవాళ్ళని నేను నమ్మను.

కంప్యూటర్‌లో సరిచూసుకోవాలంటే ఇంతే:

```python
import numpy as np
a, b = 0.250, 0.338
P = np.array([[1-a, a], [b, 1-b]])
print(np.linalg.eigvals(P))        # 1 మరియు 0.412
w, v = np.linalg.eig(P.T)
s = v[:, np.argmax(w.real)].real
print(s / s.sum())                 # 0.575, 0.425
print(np.linalg.matrix_power(P, 5))
```

మూడు చోట్ల జారతారు. `P.T` మర్చిపోయి `P` కే ఇస్తే కుడి ఐగెన్ వెక్టర్ వస్తుంది, అది (1, 1) కాబట్టి స్టేషనరీ 0.5, 0.5 అని చూపిస్తుంది. మొత్తంతో భాగించకపోతే నెగటివ్ నంబర్లు కూడా రావచ్చు, ఎందుకంటే లైబ్రరీ వెక్టర్ పొడవుని 1 చేస్తుంది, మొత్తాన్ని కాదు. ఇక 1 అనే ఐగెన్ వాల్యూ ఎప్పుడూ మొదట్లోనే ఉంటుందని అనుకోవద్దు, క్రమం గ్యారంటీ లేదు, `argmax` అందుకే పెట్టాను.

స్టెప్ 9: అసలు ఇది మార్కోవ్ చైనేనా

పై లెక్క అంతా ఒక ఊహ మీద నిలబడింది, రేపటికి ఇవాళ చాలు, నిన్న అక్కర్లేదు అని. దాన్ని పరీక్షించడానికి తేలికైన పద్ధతి రెండు స్టెప్పుల కోరిలేషన్ డేటాలోంచి నేరుగా లెక్కేసి λ² తో పోల్చడం, ఇంకా ఓపికుంటే k = 1, 2, 3, 4 కి ప్లస్ మైనస్ వదిలేసి కోరిలేషన్ల లాగ్ గీసి సరళరేఖ వస్తుందా చూడటం. రేఖ వంగి నెమ్మదిగా కిందికి దిగుతుంటే ఎక్కడో ఎక్కువ కాలం ఉండే జ్ఞాపకం ఉంది, లేదా వేర్వేరు a, b లు ఉన్న సీజన్లని ఒకే డబ్బాలో వేసేశారు. టెల్ అవీవ్ వాళ్ళు నడి చలికాలం మూడు నెలలే తీసుకోవడం ఊరికే కాదు, అక్కడ ఎండాకాలం వానే ఉండదు, ఏడాదంతా కలిపితే ఆ λ కి అర్థం ఉండదు.

అనేగిన్‌లో ఈ పరీక్ష ఫెయిల్ అవుతుంది, ఆ సంగతి మార్కోవే చూశాడు. వరసగా రెండు హల్లులు వచ్చాక మూడోది కూడా హల్లు అయ్యే ప్రాబబిలిటీ ఒక్క స్టెప్పు చైన్ ప్రకారం 0.337 ఉండాలి, ఆయన లెక్కలో 3827 జంట హల్లులకి 505 మాత్రమే, అంటే 0.132. రెండు అచ్చుల తర్వాత మూడో అచ్చు మాత్రం 1104కి 115, 0.104, ఇది 0.128కి కొంత దగ్గరే. ఈ కౌంట్ల నుంచి అచ్చు మొదలుకుని రెండు అక్షరాల తర్వాత అచ్చు వచ్చే ప్రాబబిలిటీ లెక్కేయొచ్చు. హల్లు తర్వాత అచ్చు మొత్తం 7534 చోట్ల, వాటిలో 3827 − 505 = 3322 జంట హల్లుల తర్వాత వచ్చినవి, మిగతా 4212 అచ్చు-హల్లు తర్వాత వచ్చినవి. అచ్చు-హల్లు జంటలు కూడా దాదాపు 7534 కాబట్టి ఆ ప్రాబబిలిటీ 0.559. మొత్తం కలిపితే 0.128×0.104 + 0.872×0.559, సుమారు 0.50. మన చైన్ మాత్రం 0.595 అంది. రెండు స్టెప్పుల కోరిలేషన్ 0.286 బదులు 0.12 వచ్చింది. అంటే స్టెప్ 6లో రాసిన 0.595, 0.345, 0.478 వరస చైన్‌కి కరెక్ట్, పుష్కిన్‌కి కాదు, అసలు కవితలో ఊగుడు రెండో అక్షరానికే మన లెక్క కన్నా బాగా తగ్గిపోయింది.

సగటు విషయంలోనూ ఇదే. మార్కోవ్ 20,000 అక్షరాల్ని 100 చొప్పున 200 ముక్కలు చేసి ఒక్కో ముక్కలో అచ్చుల సంఖ్య ఎంత అటూ ఇటూ అవుతుందో చూశాడు. విడివిడి అక్షరాలైతే వేరియన్స్ 100×0.432×0.568 = 24.5 ఉండాలి, నిజానికి వచ్చింది దాని 0.208 వంతే. మన (1+λ)/(1−λ) చెప్పింది 0.303, దిశ కరెక్టే, పరిమాణం మాత్రం చాలలేదు. ముందు రెండు అక్షరాల్నీ లెక్కలోకి తీసుకునే చైన్ కడితే ఆయనకి 0.195 వచ్చింది, ఇది 0.208కి బాగానే దగ్గర. అలాంటప్పుడు ఒక్కో అక్షరం బదులు జంటనే స్టేట్‌గా పెట్టుకోవాలి, నాలుగు స్టేట్లు, 4x4 మాట్రిక్స్, 1 పోగా మూడు ఐగెన్ వాల్యూలు, వాటిలో కాంప్లెక్స్ నంబర్లు కూడా ఉండొచ్చు. అక్కడ స్పీడ్‌ని 1 కాకుండా మిగిలినవాటిలో పరిమాణంలో పెద్దది నడిపిస్తుంది, కానీ మొదటి కొన్ని స్టెప్పుల్లో మిగతా రెండూ కలిసి వస్తాయి కాబట్టి గ్యాప్‌ని ఒక్క గుణింతంతో చెప్పడం ఇక కుదరదు, `matrix_power` తో స్టెప్పు స్టెప్పుకీ చూసుకోవాల్సిందే.